పిల్ల చదివితే తల్లి వినే ఉత్తరం

మా వీధి చివరన ఐదో తరగతి దాకా ఉన్న బడి ఒకటుంది. ఈ ఏడు జూన్‌లో బడులు తెరిచిన వారానికి అక్కడ హోంవర్క్ పద్ధతి మార్చాలనుకున్నారు. ఆ సంగతి పిల్లల ఇళ్ళకు ఉత్తరం రాసి తెలియజేయాలి. హెడ్‌మేడమ్ గారు ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. "మీరు తెలుగు చదువుకున్నారు కదండీ, ఒకసారి చూసిపెట్టండి" అన్నారు. బి.ఏ.లో తెలుగు చదివినందుకు మా వీధిలో నాకు వచ్చే పనులన్నీ ఇలాంటివే. పెళ్ళిపత్రికలో "ఆహ్వానము" సున్నాతోనా "ము"తోనా అని అడగడానికి రాత్రి పదింటికి తలుపు తట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

ఒక టీచరు గారు రాసిన ఆ కాగితంలో ఇలా ఉంది. "గౌరవనీయులైన తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, ప్రాథమిక తరగతుల విద్యార్థులకు ఇంటిపని భారమును తగ్గించుటకు నిర్ణయించడమైనది. వారమునకు రెండు గంటలకు మించి ఇంటిపని ఇవ్వబడదు. కావున తల్లిదండ్రులు తమ పిల్లల విద్యాభ్యాసమును ఇంటివద్ద పర్యవేక్షించవలసినదిగా కోరడమైనది." కింద గీత గీసి, "చదివి అర్థం చేసుకున్నాను, సంతకం" అని కత్తిరించి ఇవ్వాల్సిన చీటీ.

తప్పులేమీ లేవు. వ్యాకరణం చక్కగా ఉంది, మర్యాదకూ లోటు లేదు. చూసిపెట్టమన్నారు కాబట్టి చూసి ఇచ్చేయవచ్చు. కానీ ఆ బడికి పిల్లలను పంపే ఇళ్ళు నాకు తెలుసు. డిగ్రీ చదివిన తండ్రులున్నారు, పదో తరగతి పాసైన తల్లులున్నారు. సంతకం తప్ప ఇంకేమీ రాయలేని వాళ్ళున్నారు, అదీ రాని అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉన్నారు. కొన్ని ఇళ్ళలో తల్లిదండ్రులు వేరే ఊళ్ళో పనికి పోతే ముసలివాళ్ళే పిల్లలను పెంచుతున్నారు.

చదవడం రాని ఇంట్లో ఇలాంటి కాగితం ఎవరు చదువుతారు? పక్కింటివాళ్ళను అడగడం నామోషీ. కాబట్టి ఆ పిల్లే చదువుతుంది. మూడో తరగతి పిల్ల వంటింటి గడప మీద కూర్చుని, తన హోంవర్క్ గురించి బడివాళ్ళు తన తల్లికి రాసిన ఉత్తరాన్ని తల్లికి చదివి వినిపిస్తుంది. ఉత్తరం ఎవరి పేరున వచ్చినా నోరు మాత్రం ఆ పిల్లది. నేను హెడ్‌మేడమ్ గారికి మొదట చెప్పింది ఇదే. ఇది తల్లికి అర్థమైతే చాలదు, మూడో తరగతి పిల్ల తడబడకుండా చదవగలగాలి. ఆ పిల్ల నోట వచ్చినప్పుడు తల్లికి చిన్నతనం అనిపించకూడదు. పైగా పిల్ల మధ్యలో ఆపేసినా తప్పు సంగతి చెవిన పడకూడదు. ఎందుకంటే చదివే మనిషికి ఈ విషయంలో సొంత లాభం ఉంది మరి!

ముందు అసలు మార్పేమిటో చెబుతాను. కేంద్ర విద్యాశాఖ 2020లో స్కూల్ బ్యాగ్ పాలసీ అని ఒకటి తెచ్చింది. పుస్తకాల సంచీ బరువుతో పాటు హోంవర్క్ కొలత కూడా అందులో ఉంది. రెండో తరగతి దాకా హోంవర్క్ అసలు వద్దు. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలకు మించొద్దు. ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకు రోజుకి గంట, ఆపైన రెండు గంటలు. ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఇవ్వొద్దని మద్రాసు హైకోర్టు 2018లోనే చెప్పింది. మా వీధి బడిలో మాత్రం ఇన్నాళ్ళూ మూడో తరగతి పిల్ల కూడా ఒక పాఠాన్ని పదేసిసార్లు రాసుకెళ్ళాల్సిందే. రాయని పిల్లలు గోడవైపు నిలబడాలి. దాంతో కూలి డబ్బుల్లోంచి తీసి ట్యూషన్‌కి కట్టేవాళ్ళు కొందరు. అదీ కట్టలేనివాళ్ళ పిల్లలు సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అంటారు. ఈ కడుపునొప్పులు చూసే హెడ్‌మేడమ్ గారు మార్పుకు పూనుకున్నారు. ఆ మంచిపని ఆ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు.

నేను పెన్ను పట్టకముందు ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు ముగ్గురికి చదివి వినిపించాను. మా ఇంటికి వచ్చే ఆయమ్మ మనవడు అక్కడే నాలుగో తరగతి. వీధి మొదట్లో పూలమ్మే ఆవిడ కూతురు మూడు. మూడో ఆవిడ టైలరింగ్ చేస్తుంది, పదో తరగతి దాకా చదివింది. చదివాక "అర్థమైందా?" అని మాత్రం అడగలేదు. అలా అడిగితే ఎవరైనా "అర్థమైందమ్మా" అనే అంటారు, అర్థం కాలేదనడం ఎవరికి ఇష్టం? "ఇదే సంగతి మీ తోడికోడలికి చెప్పాలంటే ఎలా చెబుతారు?" అని అడిగాను. అప్పుడు బయటపడింది.

ఆయమ్మ నవ్వింది. "ఇంటిపని తగ్గిస్తారా? ఎవరమ్మా, బడివాళ్ళొచ్చి అంట్లు తోముతారా?" అంది. ఆవిడ వేళాకోళమాడినా అందులో నిజముంది. హోంవర్క్‌ని తెలుగు చేసి ఇంటిపని అన్నాం గానీ, ఆడవాళ్ళకు ఇంటిపని అంటే ఊడ్చడం, వండడం, నీళ్ళు పట్టడం. భాష మీద ప్రేమ ఉన్నదాన్నే అయినా ఇక్కడ హోంవర్క్ అనే మాటే ఉంచాను. అక్షరం రాని అమ్మమ్మ కూడా రోజూ వాడే మాట అది.

పూలావిడ "వారానికి రెండు గంటలకు" దగ్గర ఆగింది. "రెండు గంటలకు ఏముందమ్మా? బడికి రమ్మంటున్నారా?" అంది. నిజమే, మన తెలుగులో రెండు గంటలంటే కాలం కొలతా అవుతుంది, మధ్యాహ్నం రెండింటి వేళా అవుతుంది. పక్కన "కు" చేరితే చెవికి వేళగానే వినబడుతుంది. పైగా వారానికి రెండు గంటలంటే ఏ రోజు ఎంతో మళ్ళీ లెక్కేసుకోవాలి. "నాలుగు రోజులు, రోజుకి అరగంట" అంటే అదే రెండు గంటలు, ఎవరూ భాగించుకోనక్కర్లేదు.

టైలరింగ్ ఆవిడ చదువుకున్న మనిషి కదా, అన్ని మాటలూ అర్థమయ్యాయి. ఆవిడకు అర్థమైన సంగతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. "అంటే ఇక బడిలో పట్టించుకోరన్నమాట. ఇంటి దగ్గర మనమే చూసుకోమంటున్నారు. మంచి ట్యూషన్ ఎక్కడుందక్కా?" అంది. "పర్యవేక్షించవలసినదిగా" అన్న ఒక్క మాట ఆ పని చేసింది. హోంవర్క్ తగ్గిస్తున్నామని మాత్రమే చెప్పి, తీసేసిన ఆ రాతపని ఎక్కడికి పోయిందో చెప్పకపోతే తల్లులు భయపడతారు. బరువు దించడానికి రాసిన ఉత్తరమే ట్యూషన్ ఫీజు నెత్తిన పెడుతుంది.

తర్వాత ఆయమ్మ మనవణ్ణి పిలిచి చదవమన్నాం. "విద్యాభ్యాసమును పర్యవేక్షించవలసినదిగా" దగ్గర వాడు మూడుసార్లు ఆగి, నా మొహం చూసి, ఆ లైను దాటేశాడు. అప్పుడు హెడ్‌మేడమ్ గారు "హోంవర్క్ తగ్గించాం అని మొదలుపెడితే సులువుగా ఉంటుందేమో" అని ఇంకో చీటీ మీద రాసి ఇచ్చారు. వాడు ఆ మొదటి వాక్యం గడగడా చదివి, కాగితం నా చేతిలో పెట్టి గాలిపటానికి పరుగెత్తాడు. కింద ఇంకా ఆరు లైన్లున్నాయి! ఆ ఒక్కటీ చూశాక మొదటి వాక్యం ఎలా ఉండాలో మాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మర్యాద సంగతి దగ్గర కాస్త ఆలోచించాల్సి వచ్చింది. "కోరడమైనది", "నిర్ణయించడమైనది" అనేవి మర్యాదగా ధ్వనిస్తాయి గానీ వాటిలో మనిషి ఉండడు. ఎవరు నిర్ణయించారు, ఎవరు కోరుతున్నారు? "మేము మార్చాం" అంటే పేచీ వచ్చినా అడగడానికి ఒక మనిషి ఉంటుంది. మన భాషలో మేము, మనం అని రెండు ఉండటం ఇక్కడ భలే పనికొచ్చింది. నిర్ణయం బడివాళ్ళది, అక్కడ "మేము" అనాలి. "మనం తగ్గించుకుంటున్నాం" అంటే, ఎవరూ మమ్మల్ని అడగలేదే అనుకుంటారు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మన పిల్లలు".

"చదువురాని తల్లిదండ్రులు కూడా సహకరించవచ్చు" అని ఒక వాక్యం చేర్చుదామని టీచరు గారన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆ వాక్యం కూతురి నోట తల్లి వినడం ఊహించుకోండి. దానికి బదులు "మీరు ఏమీ రాయక్కర్లేదు" అని రాశాం. డిగ్రీ చదివిన తండ్రికీ, వేలిముద్ర వేసే నాయనమ్మకూ అది ఒకే మాట. ఎవరినీ వేరు చేసి పక్కన నిలబెట్టదు. సంతకం చీటీ కూడా అందుకే తీసేయించాను. చదవడం రాని మనిషి చేత చదివి అర్థం చేసుకున్నానని రాయించుకోవడమేమిటి? దానికి బదులు మర్నాడు టీచరు "నిన్న ఇంట్లో ఎవరికి చదివి వినిపించావు?" అని పిల్లల్ని అడిగి, అమ్మ, తాత, అక్క అని హాజరుపట్టీలో ఆ పేరు పక్కన రాసుకుంటారు. ఎవరికీ వినిపించని పిల్లలు అక్కడే తెలిసిపోతారు.

ఇంకో మాట దగ్గర హెడ్‌మేడమ్ గారికీ నాకూ కాసేపు నడిచింది. హోంవర్క్ కాకపోతే కొట్టమని, నిలబెట్టమని రాద్దామన్నాను. "ఇదివరకు ఆ పని చేశామని రాసిచ్చినట్టు కాదా అండీ?" అన్నారు ఆవిడ. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, పిల్లల్ని శిక్షించకూడదని అందులోనే ఉంది. కాబట్టి ఆవిడ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ ఒక్క వాక్యం లేకపోతే, కడుపునొప్పి అనే పిల్లవాడికి ఈ ఉత్తరంలో ఏమీ లేదు. చివరకు "శిక్ష ఉండదు" అన్న దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. పాలసీ పేరు, సంవత్సరం మాత్రం ఉత్తరంలో పెట్టలేదు. అడిగేవాళ్ళకోసం నోటీసు బోర్డులో అంటించారు. ప్రభుత్వం చెప్పింది కాబట్టి అంటే తల్లి మనసు కుదుటపడదు, పిల్ల భయపడుతోంది కాబట్టి అంటే పడుతుంది.

మూడు, నాలుగు, ఐదు తరగతులకు వెళ్ళిన ఉత్తరం ఇది.

"ఇంట్లో పెద్దలందరికీ నమస్కారం.
మీ పిల్లలకు హోంవర్క్ ఉంటుంది. కానీ దాని పద్ధతి మారింది.
సోమవారం నుంచి కొత్త పద్ధతి మొదలు.
సోమ, మంగళ, బుధ, గురువారాల్లో రోజుకి అరగంట హోంవర్క్ ఉంటుంది.
మిగతా మూడు రోజులు పిల్లలకు సెలవు.
ఒకే పాఠం పదిసార్లు రాయడం ఇక లేదు. రాయడం బడిలోనే మేము నేర్పిస్తాం.
హోంవర్క్ ఉన్న రోజు పిల్లలు మీకు ఒక పేజీ చదివి వినిపిస్తారు. మీరు వినండి. వంట చేస్తూ విన్నా చాలు.
తర్వాత, 'ఈ రోజు బడిలో ఏం చెప్పారు?' అని అడగండి.
మీరు ఏమీ రాయక్కర్లేదు. ట్యూషన్ పెట్టించక్కర్లేదు.
హోంవర్క్ కాకపోతే శిక్ష ఉండదు. ఆ పాఠం మేము మళ్ళీ చెబుతాం.
ఎందుకు మార్చాం? రాత్రి రాయలేక కొందరు పిల్లలు పొద్దున బడికి రావడానికి భయపడుతున్నారు. మన పిల్లలు భయం లేకుండా బడికి రావాలి.
మీకు ఏమైనా అడగాలని ఉంటే శనివారం సాయంత్రం 4 నుంచి 5 దాకా రండి. మేము బడిలోనే ఉంటాం. ఫోన్ నంబరు కింద ఉంది."

మొదటి వాక్యంలో ఆపేస్తే "హోంవర్క్ ఉంటుంది" అని వినబడుతుంది, దానివల్ల నష్టం లేదు. వాక్యాలు పొట్టిగా ఉన్నాయి, ఏదీ ఒక ఊపిరికి మించదు. తారీఖు బదులు వారం పేరు పెట్టాం. అంకెలు మాత్రం అంకెలుగానే ఉంచాం. అక్షరాలు రానివాళ్ళలో కూడా చాలామందికి బస్సు నంబరు, ఫోన్ నంబరు, నోటు మీద అంకె తెలుస్తాయి. 4, 5, కింద ఫోన్ నంబరు, ఈ మూడూ కాగితంలో వాళ్ళు సొంతంగా పట్టుకోగలిగినవి.

ఇక ముద్రణ. తెలుగుకి ఒత్తులు లైను కింద వేలాడతాయి కదా, లైన్ల మధ్య చోటు తక్కువైతే పై లైను ఒత్తు కింది లైను గుడిలోకి దిగుతుంది. మొదటి జిరాక్స్ అలాగే వచ్చింది. మసకగా ఉంటే పకారానికీ షకారానికీ తేడా తెలియదు. పిల్లలు అక్కడే ఆగిపోతారు. అక్షరం పెద్దది చేసి, లైన్ల మధ్య రెట్టింపు చోటిచ్చి, ఏ మాటా లైను చివర విరగకుండా ఒక వాక్యానికి ఒక లైను లెక్కన మళ్ళీ కొట్టించారు. ఒక పేజీ నిండింది. ఒకటి, రెండు తరగతులవాళ్ళకు వేరే చీటీ. వాళ్ళకు హోంవర్కే లేదు, రోజూ ఒక కథో పాటో ఇంట్లో చెబుతారు, వినండి, అంతే. ఆ వయసు పిల్లలు ఇంకా చదవలేరు కాబట్టి బడి వదిలే వేళ టీచరే గేటు దగ్గర నిలబడి, తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకు నోటితో చెప్పి చీటీ ఇచ్చారు.

హెడ్‌మేడమ్ గారు ఉత్తరమంతా నిదానంగా చదివి వాట్సాప్‌లో గొంతు కూడా పంపారు. అదొక్కటే చాలని కొందరన్నారు గానీ, మా వీధిలో ఆ ఫోన్ తండ్రి జేబులో ఉంటుంది, తండ్రి ఇంటికొచ్చేసరికి తొమ్మిది. కాగితం సాయంత్రం ఐదింటికే తల్లి దగ్గరికి చేరుతుంది. రెండూ ఉండటం మంచిదే అయింది. ఐదో తరగతి పిల్లవాడొకడు "మిగతా మూడు రోజులు" అన్నచోట "మిగతా అన్ని రోజులు" అని చదివి వినిపించాట్ట. రాత్రి నాన్న ఫోన్‌లో మేడమ్ గొంతు విన్నాక దొరికిపోయాడు.

పూలావిడ రెండోరోజు నాకు మూర దండ కొలుస్తూ, నేను అడక్కుండానే పక్క బండి ఆవిడకు చెబుతోంది. "నాలుగు రోజులు అరగంట. పదిసార్లు రాయడం లేదు, అది బళ్ళోనే. మన పిల్ల చదువుద్ది, మనం వినాలి. ట్యూషనొద్దన్నారు." నాలుగు ముక్కల్లో ఏదీ తప్పిపోలేదు. ఆవిడ కూతురు పక్కన స్టూలు మీద కూర్చుని పుస్తకం తెరిచి పెట్టుకుంది. బేరాల మధ్య చదువుతోంది, ఆవిడ మల్లెలు అల్లుతూ "ఊఁ" కొడుతోంది.

శనివారం సాయంత్రం బడికి తొమ్మిదిమంది వచ్చారట. అందులో ఒక ఆటో నడిపే ఆయన, ఉత్తరం బాగా అర్థమైందనీ, అర్థమయ్యే వచ్చాననీ చెప్పి, "మావాడికి మాత్రం పాతలాగే ఇవ్వండమ్మా. రాయడానికి ఉంటే గానీ ఒకచోట కూర్చోడు. నేను రాత్రి పది దాకా ఇంట్లో ఉండను, వాళ్ళమ్మ మాట వినడు" అన్నాడట. హెడ్‌మేడమ్ గారు రాత ఇవ్వలేదు. బడి అయ్యాక గంటసేపు వాణ్ణి అక్కడే గ్రంథాలయం బీరువా తాళంచెవి ఇచ్చి కూర్చోబెడతానన్నారు. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. "చూద్దాం" అని వెళ్ళాడు. టైలరింగ్ ఆవిడ ట్యూషన్ మాన్పించలేదు, ఈ నెలకి డబ్బు కట్టేశానంది. వచ్చే నెల సంగతి ఇంకా అడగలేదు నేను.